కార్తీక సోమవారం, నాలుగు కొబ్బరి చిప్పలు

శ్రోతలకు నమస్కారం.

కార్తీక మాసంలో సోమవారం సాయంత్రం హైదరాబాద్‌లో ఎవరింటికి వెళ్ళినా వంటింటి గట్టు మీద కొబ్బరి చిప్పలు బోర్లించి ఉంటాయి. పొద్దున గుళ్ళో ఒక కాయ, ఇంట్లో దీపం దగ్గర ఒక కాయ, మొత్తం నాలుగు చిప్పలు. రెండు పూటల పచ్చడికి ఒక చిప్ప చాలు. మిగిలిన మూడు చిప్పలూ గురువారానికి జిగురు పట్టి చెత్తబుట్టలో పడతాయి. ఆ మూడింటినీ నెలన్నర తర్వాత సంక్రాంతికి కూడా పనికొచ్చేలా ఎలా దాచుకోవాలన్నదే ఇవాళ్టి సంగతి. దాచడం మొదలయ్యేది మాత్రం ఫ్రిజ్ దగ్గర కాదు, కాయ కొనే బండి దగ్గర.

మనకు దొరికే కాయ పీచు ఒలిచి, పిలక మాత్రం ఉంచిన కాయ. ఆ పిలక కిందే మూడు కళ్ళుంటాయి. చూడ్డానికి మూడూ ఒకేలా ఉన్నా రెండు గట్టివి, ఒకటే మెత్తనిది. మొలక వచ్చేది ఆ మెత్తని కంట్లోంచే, బూజు లోపలికి పోయేదీ అక్కడి నుంచే. అందుకని పిలకను కొద్దిగా పక్కకు జరిపి కళ్ళ మీద బొటనవేలు నొక్కి చూడండి. పొడిగా, గట్టిగా ఉండాలి. వేలికి చెమ్మ తగిలినా, తెల్లటి నూగు కనిపించినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులుపు వాసన వచ్చినా ఆ కాయ వద్దు. పిలక పూర్తిగా పీకేసి నున్నగా చేసిన కాయ ఇంట్లో ఎక్కువ రోజులు ఆగదు. ఆ రోజే కొట్టేటట్టయితే పర్వాలేదు.

తర్వాత చెవి దగ్గర పెట్టి ఆడించాలి. నీళ్ళు స్పష్టంగా కదిలి, కాయ చేతికి బరువుగా అనిపిస్తే మంచిది. చప్పుడే లేకపోతే రెండు అర్థాలున్నాయి. బరువుగా ఉండి చప్పుడు లేదంటే నీళ్ళు నిండుగా ఉన్న లేతకాయ. తేలిగ్గా ఉండి చప్పుడు లేదంటే నీళ్ళు ఎక్కడి నుంచో కారిపోయాయి, లేదా ఇంకిపోయాయి. అప్పుడు చిప్ప చుట్టూ వేలితో తడిమితే వెంట్రుకంత పగులు దొరుకుతుంది. ఆ పగులు పక్కన తడి ఆరిన మరక ఉంటే లోపల కొబ్బరి ఇప్పటికే పాడయిందనే అనుకోవాలి.

పచ్చడికైతే మరీ ముదరని కాయ రుచి. లౌజుకి, కోరి దాచుకోవడానికి ముదురు గోధుమ రంగు చిప్ప ఉన్న ముదురు కాయే తీసుకోవాలి. అందులో కొబ్బరి మందంగా ఉంటుంది, నూనె ఎక్కువ, నీరు తక్కువ. కంట్లోంచి మొలక తొంగిచూస్తుంటే లోపల పువ్వు కట్టిందన్నమాట. ఈ మధ్య బండ్ల మీద ఆ పువ్వుకే గిరాకీ ఎక్కువగా ఉంది, తినడానికి బాగుంటుంది కూడా. కాకపోతే పువ్వు పెరిగేది కొబ్బరిని తినే కనుక మీకు మిగిలే కోరు తక్కువ.

కొట్టకుండా ఉంచేటట్టయితే పిలకతోనే గాలి ఆడే చల్లని మూలలో పెట్టండి. చలికాలంలో రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మన ఊరి పొడి వేడికి చిప్ప ఎండి, దానంతటదే టప్పుమని పగులుతుంది. పొయ్యి పక్కన, ఫ్రిజ్ పైన పెట్టిన కాయ ఇంకా తొందరగా పగులుతుంది. పగిలిన చప్పుడు మీరే విన్నారంటే ఆ పూటే వాడేయండి. ఎప్పుడు పగిలిందో తెలియని కాయను నమ్మొద్దు.

ఇక కొట్టడం. కళ్ళ దగ్గర నుంచి అడుగు దాకా చిప్ప మీద మూడు గట్లు దిగుతాయి. కాయను నడుం దగ్గర తడిపి, మందపాటి గుడ్డ వేసుకుని ఎడమ చేతిలో అడ్డంగా పట్టుకోండి. బరువైన కత్తి వెనుక వైపుతో, అంటే పదును లేని వైపుతో, ఆ మూడు గట్లకూ అడ్డంగా నడుం చుట్టూ కొడుతూ కాయను తిప్పాలి. దెబ్బ గట్టిగా ఉండనక్కర్లేదు, అన్నీ ఒకే గీత మీద పడాలి. ఎనిమిది పది దెబ్బలకు చప్పుడు మారుతుంది. అప్పటిదాకా టక్ టక్ అన్నది మొద్దుగా వినిపిస్తుంది, సన్నగా నీళ్ళు చిమ్ముతాయి. వెంటనే కింద గిన్నె పెట్టి విడదీయండి. నేల మీద ఒక్క దెబ్బతో కొడితే చిప్ప ముక్కలవుతుంది, నీళ్ళు పోతాయి, పెంకు రజను కొబ్బరిలో గుచ్చుకుంటుంది. దాచుకునే కొబ్బరికి ఆ రజను పెద్ద తలనొప్పి.

నీళ్ళు వడగట్టి, తాగే ముందు ఒక్క చెంచా రుచి చూడండి. తేటగా, తియ్యగా ఉంటే కొబ్బరి కూడా బాగున్నట్టే. పుల్లగా ఉన్నా, నురగ కట్టినా, సబ్బు రుచి తగిలినా ఉమ్మేయండి, మింగొద్దు. మొహమాటం అక్కర్లేదు. కొన్నేళ్ళ కింద డెన్మార్క్‌లో ఒక పెద్దాయన, పీచు చెక్కేసి అమ్మిన కాయను ఫ్రిజ్‌లో పెట్టకుండా నెల రోజులు వంటింట్లో బల్ల మీద ఉంచి, ఆ నీళ్ళు కొద్దిగా తాగారు. రుచి బాగా లేదని ఆపేసినా ప్రాణం దక్కలేదు. లోపల పట్టిన బూజు ఒక విషాన్ని తయారుచేసింది. అలాంటివి అరుదే. అయినా పాడైన కొబ్బరిని ఉడికించి, వేయించి దారికి తెద్దామనుకోవద్దు. వేడికి సూక్ష్మజీవి చచ్చినా అది వదిలిన విషం అన్నిసార్లూ పోదు.

ఇప్పుడు మన నాలుగు చిప్పల దగ్గరికి వద్దాం. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరు, మూడో వంతు నూనె. ఎండు కుడకలో నీరు నూటికి ఆరు పాళ్ళే ఉంటుంది, అందుకే అది డబ్బాలో నెలల తరబడి ఆగుతుంది. పచ్చిదానిలో నీరుంది, తీపి ఉంది, పులుపు లేదు. సూక్ష్మజీవులకు ఇంతకంటే ఏం కావాలి? అవి ముందు జిగురు పట్టిస్తాయి, తర్వాత నూనెను విడగొడతాయి. కొబ్బరి నూనెలో లారిక్ ఆమ్లం ఎక్కువ. అది విడిగా బయటపడితే నాలుకకు సబ్బు రుచి వస్తుంది. చాలామంది చెప్పే ఆ కాటు వాసన, సబ్బు రుచి ఇదే. చిప్పగా ఉన్నప్పుడు ఇదంతా పైపైన జరుగుతుంది. కోరితే ప్రతి పలుకూ గాలికి, చేతి తడికి తగులుతుంది. అందుకే చిప్ప ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఆగితే కోరు రెండు మూడు రోజులే ఆగుతుంది.

గుళ్ళో కొట్టిన చిప్ప పసుపు, కుంకుమ అంటుకుని, సంచిలో పూలతో కలిసి, రెండు మూడు గంటలు వేడిలో గడిపి ఇంటికొస్తుంది. రాగానే మంచి నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, మూత గట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి పంపండి. మూత ఎందుకంటే కొబ్బరిలోని నూనె పక్కనున్న ఉల్లిపాయ వాసన, మల్లెపూల వాసన ఇట్టే పట్టేస్తుంది. కోరడం రాత్రికి చేయొచ్చు, రేపటికి వాయిదా మాత్రం వేయొద్దు. ఉప్పు రాసి బయట ఉంచడం పాత పద్ధతే, ఫ్రిజ్ లేని రోజుల్లో ఒక పూట కాపాడేది. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కోరే ముందు చేతులు, కోరుపీట పళ్ళు, గిన్నె అన్నీ పొడిగా ఉండాలి. తెల్లటి భాగం వరకే కోరి, గోధుమ రంగు పొట్టు తగలగానే ఆపండి. పొట్టు తింటే నష్టం లేదు, లౌజు రంగు మాత్రం మాసిపోతుంది. కోరుపీట లేనివాళ్ళు చిప్పను డీప్‌లో ఒక రాత్రి ఉంచి, పొద్దున పది నిమిషాలు బయట పెడితే కొబ్బరి పెంకు నుంచి దానంతట అదే వదులుతుంది. చాకు మొనతో మెల్లగా ఎత్తి, పొట్టు చెక్కి, వేలి గోరంత ముక్కలు చేసి, మిక్సీ జార్ సగానికే నింపండి. బటన్ తిప్పుతూ వదులుతూ నాలుగైదు సార్లు ఆడించండి. ఆగకుండా తిప్పితే వేడెక్కి నూనె వదిలి ముద్దవుతుంది. స్టవ్ మీద చిప్ప కాల్చి కూడా కొబ్బరి ఊడదీయొచ్చు. అలా చేస్తే అంచులు కొద్దిగా ఉడుకుతాయి కాబట్టి దాచడానికి అది మొదటి ఎంపిక కాదు.

ఒక్కొక్కటి అరకిలోకి కాస్త పైబడిన రెండు కాయల నుంచి సుమారు అయిదు వందల గ్రాముల కోరు వస్తుంది. వదులుగా కొలిస్తే ఆరు కప్పులు. ఒక కప్పు ఆ రాత్రికే పోతుంది. ఇంకో కప్పు మర్నాటి ఇడ్లీ పచ్చడికి, చిన్న స్టీలు డబ్బాలో ఫ్రిజ్ వెనుక వైపు పెట్టండి. తలుపులో వద్దు, తీసి మూసిన ప్రతిసారీ అక్కడ వేడి తగులుతుంది. మిగిలిన నాలుగు కప్పులూ రెండు జిప్ కవర్లలో, ఒక్కో దాంట్లో రెండేసి కప్పులు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కవర్లో కోరును ఉండలా వదిలేయకండి. బల్ల మీద పడుకోబెట్టి, అరచేత్తో గాలి బయటికి నెడుతూ చిటికెన వేలి మందాన అట్టులా పరవండి. జిప్ మూసి, గరిట కాడతో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీతలు నొక్కండి. నాలుగు గళ్ళు పడతాయి, ఒక్కో గడి అర కప్పు. కవర్ మీద తేదీ రాసి డీప్‌లో సాపుగా పెడితే రెండు మూడు గంటల్లో గడ్డకడుతుంది. తర్వాత కావలసిన గడిని చాక్లెట్ ముక్క విరిచినట్టు విరుచుకుని మిగతాది వెంటనే లోపల పెట్టేయొచ్చు. ముద్దగా పెట్టినవాళ్ళు మొత్తం కరిగించాలి, సగం వాడాలి, మిగతాది మళ్ళీ గడ్డకట్టించాలి. పాడయ్యేది అక్కడే. కరిగినంతసేపూ సూక్ష్మజీవులు మళ్ళీ పెరుగుతాయి, చలి వాటిని ఆపుతుందే కానీ చంపదు.

రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఈ కోరు మూడు నెలలు బాగుంటుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైనుండే ఐసు గది అంత చల్లగా ఉండదు, నెల లోపే వాడేయండి. ఊరెళ్ళి వచ్చేసరికి కరెంటు పోయి వచ్చిందేమోనని అనుమానమా? కవర్ తీసి చూడండి. మీరు నొక్కిన గీతలు అలాగే ఉండటం ఒక్కటే భరోసా కాదు. గీతలు చెరిగి, అడుగున మంచు పలక కట్టి ఉంటే మధ్యలో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట, పారేయండి. గులాబి రంగు చుక్కలు, పసుపు మరకలు కనిపించినా అంతే. ఆ చుక్కల మేరకు తీసేసి మిగతాది వాడుకునే పొదుపు ఇక్కడ పనికిరాదు.

వాడేటప్పుడు బెండకాయ వేపుడులోకైతే గడ్డను చేత్తో చిదిపి నేరుగా చల్లేయొచ్చు. పచ్చడికి మాత్రం గడ్డనే మిక్సీలో వేస్తే బ్లేడు పట్టేస్తుంది, నూనె చల్లగా ఉండి పచ్చడి పలుకులు పలుకులుగా వస్తుంది. అర కప్పు గడిని పావు కప్పు గోరువెచ్చని నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళతోనే రుబ్బండి. పాలు తీయడానికీ ఇదే పద్ధతి, కాకపోతే తాజా కాయ పాలంత చిక్కగా రావు. చిక్కటి పాలు కావలసిన రోజుకి మాత్రం బండి దగ్గర ఇంకో కాయ ఆడించి చూసుకోవాల్సిందే.