మాట ముందా, బొమ్మ ముందా?

అందరికీ నమస్కారం. తెర మీద మనిషి పెదవులు ఇంకా కదులుతూనే ఉంటాయి, మాట మాత్రం ఎప్పుడో అయిపోతుంది. టీవీకి రిసీవర్, రిసీవర్‌కి స్పీకర్లు తగిలించుకున్నవాళ్లకి ఇది బాగా తెలిసిన చిరాకే. నేను మొదట్లో రిసీవర్ మెనూలో `Audio Delay` అంకెను పెంచుతూ, తగ్గిస్తూ రెండు సాయంత్రాలు పాడుచేసుకున్నాను. మాట ముందు వస్తోందా, బొమ్మ ముందు వస్తోందా అన్నది తేల్చుకోకుండా మెనూ తెరవడమే నా తప్పు.

ఆ సెట్టింగ్ ధ్వనిని కాసేపు ఆపి పంపుతుంది, అంతే. ఆలస్యంగా వచ్చే ధ్వనిని ముందుకు లాగడం దాని చేతిలో లేదు. కాబట్టి మాట ముందు వస్తేనే అది పనికొస్తుంది.

మాట ఎందుకు ముందొస్తుంది? స్ట్రీమింగ్ బాక్స్‌ను రిసీవర్‌కి కలిపి, అక్కడి నుంచి బొమ్మను టీవీకి పంపామనుకోండి. ధ్వని రిసీవర్ దగ్గరే స్పీకర్లకు మళ్లిపోతుంది. టీవీ మాత్రం వచ్చిన ఫ్రేములను పట్టుకుని సైజు మార్చి, కదలికలు నునుపు చేసి, ఆ తర్వాతే చూపిస్తుంది. ఈ లోపు పదో వంతు సెకను గడిచిపోవచ్చు. మన చెవికి ఈ తేడా బాగా గుచ్చుకుంటుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 1998లో చేసిన సిఫారసు ప్రకారం ధ్వని దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, పసిగట్టేస్తాం. వెనకబడితే మాత్రం 125 వరకూ గమనించం. బట్టలు ఉతికేవాళ్లను దూరం నుంచి చూస్తే దెబ్బ కనబడ్డాకే చప్పుడు వినిపిస్తుంది కదా, ఆ వరసకు మనం అలవాటు పడ్డాం.

ఇక కొలత. నోటిని చూస్తూ అంచనా వేయొద్దు, పది నిమిషాలకి ఏది సరైనదో మనకే తెలియకుండా పోతుంది. తెర తళుక్కుమన్న క్షణంలోనే ‘బీప్’ వినిపించే పరీక్ష వీడియోలు దొరుకుతాయి. ఒకటి బాక్స్‌లో పెట్టి, మీరు కూర్చునే చోటు నుంచే ఫోన్‌తో సెకనుకు 60 ఫ్రేముల చొప్పున షూట్ చేయండి. ధ్వనికి మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, సోఫా దగ్గరి నుంచి తీస్తే ఆ లెక్క కూడా కలిసిపోతుంది. తెర వైపు తిప్పే ముందు ఫోన్ ఎదుట ఒక చప్పట్లు కొట్టండి. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

మా ఇంట్లో ఆ క్లిప్‌ను వీడియో ఎడిటర్‌లో తెరిస్తే బీప్ ముందు, తళుకు ఆరు ఫ్రేముల తర్వాత. ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు, అంటే 100 అన్నమాట. కానీ చప్పట్లు చూస్తే అరచేతులు కలిసిన ఒక ఫ్రేము తర్వాత చప్పుడు ఉంది. అది ఫోన్ చేసిన ఆలస్యం. దాన్నీ కలుపుకుంటే ఏడు ఫ్రేములు, దాదాపు 117. రిసీవర్‌లో 120 పెట్టాను. మళ్లీ షూట్ చేస్తే బీప్ తళుకు కన్నా ఒక ఫ్రేము వెనక, అచ్చం చప్పట్లలాగే. సరిపోయిందన్నమాట.

మర్నాడు టీవీలోని యాప్‌లోనే సినిమా పెడితే ఈసారి మాట వెనకబడింది! ఇక్కడ దారి వేరు. ధ్వని టీవీలో పుట్టి, హెచ్‌డీఎంఐ కేబుల్‌లోని ఈ-ఆర్క్ దారిలో రిసీవర్‌కి వెనక్కి వస్తుంది. మా టీవీ తన బొమ్మ ఆలస్యానికి తగ్గట్టు ధ్వనిని ముందే ఆపి పంపుతోంది. దాని మీద నా 120 వచ్చి పడింది. కొన్ని రిసీవర్లు ఒక్కో ఇన్‌పుట్‌కి విడిగా అంకె గుర్తుపెట్టుకుంటాయి, కొన్నింటిలో అన్నిటికీ ఒకటే. మాది మొదటి రకం కాబట్టి టీవీ ఇన్‌పుట్‌కి సున్నా పెట్టి బయటపడ్డాను. కొన్నింటిలో టీవీ చెప్పిన ఆలస్యాన్ని బట్టి రిసీవరే సర్దుకునే `Auto Lip Sync` కూడా ఉంటుంది. కొలిచే ముందు దాన్ని ఆఫ్ చేసి, తర్వాత కూడా అలాగే ఉంచండి, లేకపోతే ఒకే ఆలస్యాన్ని రెండుసార్లు దిద్దినట్టవుతుంది.

సున్నా పెట్టినా మాట వెనకే ఉంటే? ముందు టీవీలో కూడా ఆడియో డిలే ఉందేమో చూసి సున్నా చేయండి. తర్వాత టీవీ ఆడియో అవుట్‌పుట్‌ను `PCM`, `Passthrough` అని మార్చి, రెండిట్లో ఏది త్వరగా వస్తుందో కొలవండి. రిసీవర్‌లో `Direct` మోడ్ పెడితే అదనపు ప్రాసెసింగ్ తగ్గుతుంది. స్పీకర్లు బ్లూటూత్‌వి అయితే మాత్రం ఈ పాట్లు దండగ, వైరు లాగండి.

అప్పటికీ కుదరకపోతే బొమ్మను ఆలస్యం చేయడం ఒక్కటే మిగిలింది. గేమ్ మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి, టీవీ మళ్లీ నింపాదిగా పనిచేస్తుంది. ఆ నింపాదితనం ఇప్పుడు మనకి కావలసిందే.

ఒక్క లక్షణం కనిపిస్తే మాత్రం సెట్టింగుల జోలికి పోకండి. సినిమా మొదట్లో మాట, బొమ్మ కలిసే ఉండి, గంట గడిచేసరికి ఎడం పెరుగుతూ పోతే లోపం ఆ ఫైల్‌లోనో స్ట్రీమ్‌లోనో ఉంది. మరో సినిమా పెట్టి చూస్తే తెలిసిపోతుంది.