నోటీసు బోర్డు మీది ఆ ఎర్ర వాక్యం

అందరికీ నమస్కారం. పిలిచిన నిర్వాహకులకు, ఆదివారం పూట కూడా వచ్చిన హెచ్‌ఆర్ మిత్రులకు కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి. అందులో నేను ఒక్క పేజీ గురించే మాట్లాడతాను. లైంగిక వేధింపుల నివారణ పాలసీ అని బోర్డు మీద అంటిస్తారే, ఆ పేజీ.

ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఇలాంటి వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీకి నేను బయటి సభ్యురాలిని. అక్కడి పాలసీలో మొదటి వాక్యం ఎర్ర అక్షరాల్లో ఉండేది: "తప్పుడు ఫిర్యాదు చేసినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును." ఫిర్యాదు ఎవరికివ్వాలో మాత్రం ఎక్కడా లేదు. ఒకరోజు కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడం, కంపెనీ బస్సులో జరిగింది, ఎవరూ చూడలేదు. రుజువు చేయలేకపోతే నా ఉద్యోగమే పోతుందా?" అని అడిగింది. పోదమ్మా అని చెప్పాను. ఆమె బోర్డు వైపు చూపించి, "మరి అలా రాశారు కదా" అంది. ఫిర్యాదు ఇవ్వలేదు. కొన్నాళ్లకు పని మానేసింది.

ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎందుకంటే పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నివారించే 2013 చట్టం ఆ మాట అనలేదు. 14వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు దురుద్దేశంతో చేశారని, అబద్ధమని తెలిసే చేశారని, లేదా నకిలీ, తప్పుదోవ పట్టించే పత్రం ఇచ్చారని తేలితేనే చర్య. ఆ దురుద్దేశాన్ని కూడా విచారణ జరిపి నిర్ధారించాలి. రుజువు చూపలేకపోవడం ఒక్కటే కారణంగా చర్య తీసుకోనక్కర్లేదని అదే సెక్షన్ చెబుతోంది. పాలసీ రాసినవాళ్లు సగం తీసుకుని, సగం వదిలేశారు. మీ ఫోన్లలో మీ పాలసీ ఉంటే ఇప్పుడే తీసి చూడండి. ఆ రెండో సగం ఉందా?

మేం తిరగరాసినప్పుడు ఆ వాక్యాన్ని కొట్టేయలేదు. కిందికి తెచ్చి ఇలా రాశాం: "తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేశారని విచారణలో తేలితే చర్య ఉంటుంది. సాక్ష్యం చూపలేకపోయినంత మాత్రాన మీపై చర్య ఉండదు." పైన మొదటి వాక్యంగా, "ఇక్కడ పనిచేసే, ఇక్కడికి వచ్చే ప్రతి మహిళా ఫిర్యాదు చేయవచ్చు. పర్మనెంటు, కాంట్రాక్టు, రోజుకూలీ, ట్రైనీ అన్న తేడా లేదు. కంపెనీ బస్సులో జరిగినా ఇక్కడ జరిగినట్టే" అని పెట్టాం. ఇదంతా చట్టంలో ఉన్నదే. రాయలేని మనిషికి ఫిర్యాదు రాసిపెట్టడం కమిటీ బాధ్యత అని కూడా ఉంది. అదీ చేర్చాం.

మగవాళ్ల సంగతేమిటని అడుగుతారు. సరైన ప్రశ్నే. ఈ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు మహిళలకే. కానీ మిగతావారి ఫిర్యాదులను కంపెనీ తన సర్వీసు నిబంధనల కింద విచారించడానికి అడ్డేమీ లేదు. ఆ దారిని వేరే పేరాలో, స్పష్టంగా రాయండి. రెండూ కలిపేస్తే ఎవరికి ఏ హక్కుందో తెలియక గందరగోళం అవుతుంది.

ఇంకో మాట. "వెంటనే ఉద్యోగం నుండి తొలగించబడుదురు" అని రాస్తే గట్టిగా ఉంటుందని మేనేజర్లు అనుకుంటారు. షాపు ఫ్లోర్ మీద ఆడవాళ్లు నాతో చెప్పింది వేరు. "వాడి పిల్లలు రోడ్డున పడాలని లేదు మేడం, వాడు ఆపితే చాలు" అంటారు. శిక్ష ఒక్కటే కనబడితే చిన్నచిన్న వేధింపులు బయటికే రావు. అందుకే తప్పు తీవ్రతను బట్టి లిఖితపూర్వక క్షమాపణ, హెచ్చరిక, ఇంక్రిమెంటు ఆపడం, తొలగింపు దాకా అన్నీ రాశాం. చట్టం కింది రూల్స్‌లో ఉన్నవే ఇవి.

మరి గట్టిదనం ఎక్కడ చూపించాలి? చట్టం పెట్టిన గడువుల్లో చూపించండి. ఘటన జరిగిన 3 నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే మరో 3 నెలలు కమిటీ పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. తర్వాత 10 రోజుల్లో నివేదిక, అది అందిన 60 రోజుల్లో యాజమాన్యం చర్య. ఈ అంకెలు బోర్డు మీద ఉంటే కార్మికురాలు లెక్కపెట్టుకుని అడగగలదు. "తగు సమయంలో పరిశీలించబడును" అంటే ఏమని అడుగుతుంది?

ఆ "బడును"లు కూడా తీసేయండి, దయచేసి. చర్య ఎవరు తీసుకుంటారో ఆ మనిషి వాక్యంలో కనబడాలి. కమిటీకి అధ్యక్షత వహించే ప్రిసైడింగ్ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు రాయండి. కమిటీ సభ్యుల పదవీకాలం 3 ఏళ్లకు మించదు. బోర్డు మీద పేరున్నావిడ ఉద్యోగం మానేసి ఏడాదైన చోట్లు చూశాను, ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో తీసి రాంగ్ నంబర్ అన్నారు. రేపు సోమవారం. ఆఫీసుకు వెళ్లగానే మీ బోర్డు మీదున్న నంబరుకు మీరే ఒకసారి ఫోన్ చేయండి.