కీటోనా, పప్పన్నమా? సన్నీవేల్‌లో మా ఇంటి లెక్క

హాయ్ అండీ! సండే కదా, వారానికి సరిపడా కూరలు వండేస్తున్నాను. మా ఆయనది కీటో, అంటే అన్నం, రొట్టెల్లాంటివి దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి. ఈ స్టవ్ మీద ఆయనకి పనీర్, ఆ స్టవ్ మీద నాకు తోటకూర పప్పు. ఇద్దరం బరువు తగ్గాలనే చూస్తున్నాం. ఏది మంచిదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు కాబట్టి కూరగాయలు తరుగుతూ చెప్తాను.

మాకు దగ్గర్లోనే ఉన్న స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందితో ఏడాది పాటు ఒక అధ్యయనం చేసి, 2018లో ఫలితాలు ప్రచురించింది. సగం మందికి తక్కువ కార్బ్, అంటే పిండిపదార్థాలు, చక్కెరలు తక్కువ. సగం మందికి తక్కువ కొవ్వు. ఇన్నే క్యాలరీలు తినాలని ఎవరికీ చెప్పలేదు. చక్కెర, మైదా తగ్గించండి, కూరగాయలు బాగా తినండి అని మాత్రం రెండు గుంపులకీ చెప్పారు. ఏడాదయ్యాక సగటున కార్బ్ తగ్గించినవాళ్లు 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకునేంత కాదు. కానీ ఒక్కో గుంపు లోపల చూస్తే, పాతిక కిలోలకు పైగా తగ్గినవాళ్లూ ఉన్నారు, బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు!

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇంకొకటి. తక్కువ కార్బ్ గుంపుని మొదటి రెండు నెలల్లో రోజుకి 20 గ్రాముల కార్బ్‌కి దిగమన్నారు. ఆ తర్వాత ఎప్పటికీ కొనసాగించగలమనుకున్నంత వరకూ పెంచుకోమన్నారు. ఏడాది చివరికి వాళ్ల సగటు దాదాపు 130 గ్రాములు.

మన కంచంలో 130 అంటే ఎంతో చూడండి. పొద్దున గుడ్లు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, అది సుమారు 45. కప్పు పప్పు పాతిక, పెరుగు పది, కూరలు ఇంకో పది పదిహేను. రాత్రి రెండు పుల్కాలు ముప్పై. అంతే, వచ్చేసింది! అదే 20 గ్రాముల కీటోలో అయితే అరకప్పు అన్నానికే రోజు కోటా దాటిపోతుంది. అందుకే శాకాహారులకి ఇది మరీ కష్టం, పప్పు కూడా వదలాలి.

మరి కీటోలో మొదటి వారమే బరువు దిగుతుందేంటి అంటారా? అందులో ఎక్కువ నీళ్లేనండి. ఒంట్లో గ్లైకోజెన్ అనే రూపంలో కార్బ్ నిల్వ ఉంటుంది. అది ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది. అది ఖర్చవగానే నీళ్లూ పోతాయి. ఒక ఫంక్షన్‌లో పులిహోర తింటే మర్నాటికి తిరిగొస్తాయి. అది చూసి "ఇంతా చేసి లాభం లేదు" అని మానేసేవాళ్లూ ఉంటారు. అందుకే మా ఆయన్ని నడుం కొలత కూడా రాసుకోమన్నాను, కొవ్వు కరుగుతోందో లేదో టేప్ చెప్తుంది. కీటోతో ఆకలి వేయట్లేదంటున్నారు, అలా కుదిరినన్నాళ్లూ చేయనీ.

ఇండియాలో చూస్తున్న అమ్మావాళ్లకి ఒక్క మాట. షుగర్‌కి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వాడుతుంటే డాక్టర్‌తో డోసు మాట్లాడకుండా అన్నం మానేయకండి, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.