బాతు కూర ఎందుకు చెడుతుంది? కౌజు, టర్కీ, బాతు గుడ్ల సంగతి కూడా

“అన్నా, బాతును చికెన్ కూర లాగానే వండాను. పైన వేలెడు మందాన నూనె తేలింది, నీచు వాసన వచ్చింది, ముక్క మాత్రం రబ్బరులా సాగింది. ఎక్కడ తప్పు చేశాను?”

తమ్ముడూ, తప్పు మొదటి నిమిషంలోనే జరిగింది. మూకుడు పెట్టి, అలవాటు ప్రకారం నాలుగు గరిటెల నూనె పోసి ఉంటావు. బాతుకి నూనె పోయకూడదు. దాని నూనె దాని ఒంట్లోనే ఉంది.

బాతు నీళ్లలో బతికే పక్షి. చలి ఆగాలి, నీటి మీద తేలాలి, అందుకే తోలు కింద దుప్పటి కప్పినట్టు కొవ్వు ఉంటుంది. తోలుతో సహా పచ్చి మాంసం 100 గ్రాములు తీసుకుంటే, కోడిలో కొవ్వు 15 గ్రాముల చుట్టుపక్కల, ఫారం బాతులో 40కి దగ్గర. అదే తోలు తీసేస్తే కోడిలో 3 గ్రాములు, బాతులో 6. అంటే తేడా అంతా తోలులోనే ఉంది, కండలో పెద్దగా లేదు. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలు, నత్తలు ఏరుకుని తిరిగే మంద బాతుకి అంత కొవ్వు పట్టదు. అయినా కోడి కంటే ఎక్కువే.

కండ రంగు కూడా చూడండి. కోడి రొమ్ము తెల్లగా ఉంటుంది, బాతు రొమ్ము మేక మాంసంలా ఎర్రగా ఉంటుంది. కోడి గోడ మీదికి ఎగరడానికి రెండుసార్లు రెక్కలు కొడుతుంది, అంతే. బాతు జాతి మైళ్లకు మైళ్లు ఎగిరే జాతి. ఎక్కువసేపు పనిచేసే కండకి ప్రాణవాయువును దాచుకునే ఎర్రటి పదార్థం కావాలి. మన పెంపుడు బాతు ఎగరడం మానేసినా ఆ ఎరుపు పోలేదు. అందుకే రుచి చికెన్ కంటే మటన్‌కి దగ్గరగా ఉంటుంది. వండేటప్పుడు కూడా మటన్ అనుకునే వండాలి.

ఇప్పుడు కిలో ముక్కలతో చేసి చూద్దాం. కొనేటప్పుడు ఒక పని చేయండి, రొమ్ము ఎముక కొనను వేలితో నొక్కండి. మెత్తగా వంగితే లేత బాతు. గట్టిగా గుచ్చుకుంటే గుడ్లు పెట్టి పెట్టి అలసిపోయిన ముదురు బాతు. మన దగ్గర అమ్మకానికి వచ్చేవాటిలో అలాంటివి చాలా ఉంటాయి. 40 రోజుల బ్రాయిలర్‌తో దాన్ని పోల్చుకుంటే ఎలా? నీ ముక్క సాగింది అందుకే.

రెండోది, తోక మొదట్లో పైవైపు రెండు చిన్న గింజల్లా పసుపు గ్రంథులు ఉంటాయి. ఈకలకి పూసుకునే నూనె అక్కడే తయారవుతుంది. దాన్ని కోసి పారేయమని కొట్టువాడికి గట్టిగా చెప్పండి. నీచు వాసనలో సగం అక్కడే పోతుంది. నూగు ఈకలు మిగిలి ఉంటే మంట మీద కాల్చాలి. నీటిపక్షి కదా, వేడినీళ్లలో ముంచినా ఈక తడిసి చావదు.

ఇక పొయ్యి మీదికి. చల్లటి మూకుడులోనే ముక్కల్ని తోలు కిందికి పెట్టి పేర్చండి. పావు గ్లాసు నీళ్లు పోసి, చిన్న మంట మీద పెట్టండి. మూకుడు ముందే కాలి ఉంటే తోలు పైపైన మాడి, కొవ్వు లోపలే ఇరుక్కుపోతుంది. నీళ్లు ఇగిరేలోపు కొవ్వు కరగడం మొదలవుతుంది, తర్వాత చిటపటలు మొదలవుతాయి. పదిహేను, ఇరవై నిమిషాలకి ఆ చిటపట నెమ్మదిస్తుంది, తోలు బంగారు రంగుకి వస్తుంది. అదే గుర్తు. ఇప్పుడు కొవ్వు వంచేయండి. నాకు మొన్న ఫారం బాతుకి దాదాపు సగం టీ గ్లాసు వచ్చింది. పారేయకండి, వడగట్టి ఫ్రిజ్‌లో పెడితే నెయ్యిలా గడ్డకడుతుంది. దాంట్లో బంగాళాదుంప వేపుడు చేసి తినండి, తర్వాత నాకు చెప్పండి.

ఆ కొవ్వులో రెండు చెంచాలు మూకుడులో ఉంచి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాలు వేయించండి. మిరియాలు మాత్రం దండిగా పడాలి. బాతు కొవ్వుకి ఘాటు, పులుపు ఉంటేనే జోడీ. కేరళలో కుట్టనాడు వాళ్లు బాతు రోస్ట్‌లో మిరియాలు, వెనిగర్ వాడేది ఊరికే కాదు. మనకి కాస్త చింతపండు పులుసు చాలు, కానీ అది ముక్క ఉడికాక చివర్లో. ముక్కల్నీ వేగిన మసాలానీ కుక్కర్‌లోకి మార్చాక, లేత బాతైతే మూడు, నాలుగు విజిల్స్, ముదురుదైతే ఆరేడు. విజిల్స్ లెక్కని నమ్ముకోకండి. తొడ ముక్కకి ఫోర్క్ గుచ్చి తిప్పితే ఎముక నుంచి జారాలి. జారకపోతే ఇంకో రెండు విజిల్స్.

కౌజు పిట్ట దగ్గర ఇదంతా తలకిందులు. ఫారాల్లో పెంచే ఈ జపాన్ జాతి పిట్ట ఐదు వారాలకే కోతకి వస్తుంది. బతికున్నప్పుడు 200 గ్రాములు ఉంటే గొప్ప. కొవ్వు తక్కువ, ఎముక సన్నం. దీన్ని కుక్కర్‌లో పెట్టడం అంటే పాడు చేయడమే. మసాలా పట్టించి అరగంట ఉంచి, పెనం మీద కొద్ది నూనెతో మూతపెట్టి అటూ ఇటూ తిప్పితే పది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. తొడ కీలు దగ్గర గుచ్చితే ఎర్రనీరు రాకూడదు, అది చూసి వెంటనే దించండి. ఇంకాసేపు ఉంచితే పీచే మిగులుతుంది. మనిషికి రెండు పిట్టలు లెక్క వేసుకోండి. అడవి పిట్టల్ని వలేసి పట్టి అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి, అది నేరం.

టర్కీ కోడి గురించి నిజం చెప్పాలంటే నాకు దాని రొమ్ము మీద పెద్ద ప్రేమ లేదు. కోడి రొమ్ము లాగే తెల్లగా, కొవ్వు లేకుండా ఉంటుంది, కానీ ముక్క పెద్దది కాబట్టి లోపల ఉడికేలోపు బయట ఎండిపోతుంది. రొమ్మునీ తొడనీ ఒకే గిన్నెలో వేయడమే అందరూ చేసే పొరపాటు. రొమ్ము చిన్న ముక్కలు కోసి, పెరుగులో నానబెట్టి వేపుడు చేయండి. తొడ, కాలు నల్లటి కండ, లోపల గట్టి నరాలుంటాయి, వాటిని కుక్కర్‌లో కూర చేయండి. ఆ కూర మాత్రం బాగుంటుంది.

గుడ్ల గురించి చాలామంది అడిగారు. బాతు గుడ్డు 70 గ్రాములు, కోడిగుడ్డు 50. బాతు గుడ్డులో పచ్చసొన పెద్దది, కొవ్వు ఎక్కువ, అందుకే కేక్‌లో వేస్తే రుచి చిక్కగా వస్తుంది. తెల్లసొన మాత్రం పెద్ద మంట మీద రబ్బరైపోతుంది. ఆమ్లెట్ వేస్తే చిన్న మంట మీద, చెంచాడు నీళ్లో పాలో కలిపి వేయండి. బాతులు బురదలో గుడ్లు పెడతాయి, పెంకు మీద మురికి ఉంటుంది కాబట్టి హాఫ్ బాయిల్ జోలికి పోవద్దు. మరుగుతున్న నీళ్లలో వేశాక కోడిగుడ్డు పది నిమిషాలు, బాతు గుడ్డు పదమూడు. కౌజు గుడ్డు పది గ్రాములే, నాలుగు నిమిషాలు చాలు. దాని పెంకు పల్చన కానీ లోపలి పొర మొండిది. చల్లటి నీళ్లలో వేసి, మొద్దుగా ఉన్న చివర పగలగొట్టి అక్కణ్నుంచి ఒలవండి, లేకపోతే సగం గుడ్డు పెంకుతోనే పోతుంది.