బొంత ఎక్కడ కట్టాలి?

నేను: విజయనగరంలో అక్క వాళ్లింట్లో, ఆవిడ వీడియోలు తీసుకునే మూలలోనే కూర్చుని మాట్లాడుతున్నాం. అక్కా, పదో తరగతి పిల్లలకు పద్యాలు చెప్తున్నావు కదా. మొదట్లో ఇబ్బంది ఎక్కడొచ్చింది?

అక్క: ఒత్తులు సరిగ్గా వినపడట్లేదని పిల్లలు అన్నార్రా. మైకు పాడైందేమో అనుకున్నాను. తీరా చూస్తే తేడా గదిలో ఉంది. పదడుగుల గది, పైన స్లాబు, కింద టైల్సు, సామాను లేదు. చప్పట్లు కొడితే చివర్లో రేకు మోగినట్టు సన్నగా టింగుమనేది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట. ఒక అక్షరం మోగుతుండగానే తర్వాతి అక్షరం వచ్చి దాని మీద పడేది.

నేను: వీడియోలో కనపడేలా నీ వెనక గోడకి గుడ్డ కట్టావు కదా, దాంతో తగ్గలేదా?

అక్క: పెద్దగా తగ్గలేదు. అది పొందూరు ఖద్దరు, పల్చగా ఉంటుంది. పైగా నా గొంతు వెళ్లేది ముందుకి కదా! ఎదురు గోడకి తగిలి తిరిగి మైకులోకి వస్తోంది. అందుకే కెమెరా వెనకున్న గోడ దగ్గర బొంత కట్టాను. పాత చీరలతో అమ్మ కుట్టిన బొంతే, రెండు మడతలు వేశాను. గోడకి అంటించకుండా, బెత్తెడు ఎడంగా తాడు కట్టి వేలాడదీశాను.

నేను: ఆ ఎడం ఎందుకు?

అక్క: గోడకి అంటుకుని ఉంటే సన్నని శబ్దాలే తగ్గుతాయి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మొద్దుగా ఉంటుంది. ఎడముంటే కాస్త లావు శబ్దాలు కూడా తగ్గుతాయి. రెండో బొంత పక్క గోడకి, కాళ్ల కింద దూది పరుపు. ఒక్కోటి పెట్టినప్పుడల్లా అదే పద్యం పది సెకన్లు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఎదురు బొంతతో వచ్చినంత తేడా మిగతా వాటితో రాలేదు. కోడిగుడ్ల అట్టలు కూడా అంటించి చూశాను, అవి తీసేశాను. ఉపయోగం తక్కువ, దుమ్ము ఎక్కువ.

నేను: మరి వెనక గుడ్డ సంగతి?

అక్క: అది కంటికే. తెల్లది కడితే ఫోను ఆ వెలుగు చూసి మొత్తం తగ్గించేసేది, నా మొహం నల్లబడేది. ఇప్పుడు ముదురు ఆకుపచ్చది ఇస్త్రీ చేసి, ముడతల్లేకుండా కింద బరువు కట్టాను. దానికి మూడడుగులు ముందుకి జరిగి కూర్చుంటాను. అప్పుడు నీడ గుడ్డ మీద అంతగా కనపడదు. కిటికీ వెలుగు ముందు నుంచి కొంచెం పక్కగా పడాలి. మైకు గడ్డానికి జానెడు కింద.

నేను: వీధిలో ఆటో హారన్లు?

అక్క: వాటిని బొంత ఆపలేదురా. గదిలో పుట్టిన శబ్దం తిరిగి రాకుండా చూడ్డమే దాని పని. అందుకే తెల్లవారుజామున ఐదింటికి, ఫ్యాను ఆపేసి తీసుకుంటాను.

నేను: ఇప్పుడు ఒకసారి చప్పట్లు కొడతాను, తర్వాత ఎదురు బొంత తీసి కొడతాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

[చప్పుడు. బొంత తీస్తున్న సవ్వడి. మళ్లీ చప్పుడు, వెనకే సన్నగా టింగుమని మోత.]