తెరిచిన తేదీ లేని సీసా

శ్రోతలకు నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడి ప్రాంతంలో ఒక డిగ్రీ కళాశాల రసాయనశాలకు సంబంధించిన స్టోరును కొన్నేళ్లపాటు నేను చూసుకున్నాను. అక్కడ ఈథర్ సీసాల లెక్క చూడబోయి నేర్చుకున్న సంగతులను ఈ ప్రసంగంలో మీ ముందు ఉంచుతాను.

అది ఏప్రిల్ నెల, వేసవి సెలవులకు ముందు జరిగే సరుకు తనిఖీ. రిజిస్టరులో "ఈథర్, 7 సీసాలు" అని ఒకే వరుస ఉంది. మా ల్యాబ్ సహాయకుడు అర దగ్గర నిలబడి ఎంచి, "మాస్టారండీ, పుస్తకంలో ఏడు, అరలోనూ ఏడే, లెక్క సరిపోయిందండీ" అన్నాడు. లెక్క సరిపోయిన మాట నిజమే. అయితే సీసాలను ఒక్కొక్కటిగా చూస్తే, వాటిలో నాలుగు పెట్రోలియం ఈథర్, మూడు డైఈథైల్ ఈథర్. పెట్రోలియం ఈథర్ పేరుకు మాత్రమే ఈథర్. అది పెట్రోలు జాతికి చెందిన తేలికపాటి హైడ్రోకార్బన్ల మిశ్రమం. దానితో నిప్పు భయమే తప్ప, ఇప్పుడు చెప్పబోయే భయం లేదు. ఈ రెండింటినీ ఒకే వరుసలో రాసిన రిజిస్టరు మాకు సంఖ్యను చెప్పింది గాని, ఏ సీసాను ముందుగా చూడాలో చెప్పలేదు.

డైఈథైల్ ఈథర్ గాలి తగిలినప్పుడు నెమ్మదిగా ఆక్సిజన్‌ను పట్టుకొని పెరాక్సైడులుగా మారుతుంది. వెలుతురు పడితే ఆ మార్పు వేగం పెరుగుతుంది. ఈ పెరాక్సైడులు వేడికి, రాపిడికి, ఒక్కొక్కసారి మూత తిప్పినంత మాత్రానికే పేలగలవు. దీన్ని ఆపడానికి తయారీదారులు కొద్దిగా నిరోధకం కలుపుతారు గాని, సీసా తెరిచిన నాటి నుంచి అది ఖర్చవుతూ పోతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈథర్ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మా ఎండాకాలంలో మూసి ఉంచిన స్టోరు గది వేడి ఆ హద్దును సులభంగా దాటుతుంది. వదులు మూతలోంచి ఈథర్ ఆవిరైపోతుంది, పెరాక్సైడు మాత్రం అంత తేలికగా ఆవిరి కాదు కనుక అడుగున చిక్కబడుతుంది. అందువల్ల నిండు సీసా కంటె, "కొంచెమే ఉంది, తర్వాత పనికొస్తుంది" అని వెనక్కి నెట్టిన సీసాయే ఎక్కువ ప్రమాదకరం. చల్లగా ఉంటుందని ఇంటి ఫ్రిజ్ వంటి దానిలో పెడదామనుకుంటే అదీ తప్పే: లోపలి స్విచ్చి నిప్పురవ్వకు ఈథర్ ఆవిరి అంటుకోవచ్చు, పైగా చలి పెరాక్సైడును ఆపదు.

మా మూడు సీసాలలో మొదటిదానికి సీలు విప్పలేదు, తయారీదారు వేసిన గడువు ఇంకా మిగిలి ఉంది. రెండవది సగం వాడినది. దాన్ని ఎప్పుడు తెరిచారో ఎక్కడా రాయలేదు. అయితే పాత బిల్లులు వెదికితే, అది స్టోరుకు చేరి ఎనిమిది నెలలే అయినట్టు తేలింది. అంటే ఎప్పుడు తెరిచినా అంతకంటె పాతది కాజాలదు. ద్రవం తేటగా ఉంది, మూత చుట్టూ ఏ పొక్కూ లేదు. అందుచేతనే దాన్ని తెరిచి పరీక్షించడానికి సాహసించాము. వచ్చిన తేదీ కూడా తెలియని సీసా అయితే మూత ముట్టుకొని ఉండేవాళ్లం కాదు.

పరీక్ష చిన్నదే. అప్పటికప్పుడు కలిపిన పది శాతం పొటాషియం అయొడైడ్ ద్రావణం ఒక మిల్లీలీటరు తీసుకొని, కొద్దిగా గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం చేర్చి, అందులో ఒక మిల్లీలీటరు ఈథర్ పోసి కదపాలి. పెరాక్సైడు ఉంటే అయొడిన్ విడుదలై పసుపు రంగు వస్తుంది. ఎక్కువగా ఉంటే గోధుమ రంగుకు తిరుగుతుంది. అయొడైడ్ ద్రావణం పాతదైతే దానంతట అదే పసుపెక్కి మనల్ని మోసగిస్తుంది కాబట్టి, ఈథర్ కలపని మరో గొట్టాన్ని పక్కన పెట్టి పోల్చుకోవాలి. మాకు లేత పసుపు వచ్చింది. అటువంటి ఈథర్‌ను స్వేదనానికి వాడకూడదు. పాత్ర ఎండే దాకా మరిగించినప్పుడు మిగిలేది పెరాక్సైడే. ఫెర్రస్ సల్ఫేటు ద్రావణంతో కడిగి పెరాక్సైడును విరిచి, మళ్లీ పరీక్షించాక దాన్ని వ్యర్థ ద్రావకాల డబ్బాకు పంపాము. సింకులో పారబోయలేదు, ఎందుకంటే ఈథర్ ఆవిరి గాలి కంటె రెండున్నర రెట్లు బరువు; అది నేల వెంట పాకి దూరంగా ఉన్న దీపాన్ని చేరగలదు.

మూడవ సీసా అర వెనుక మూలలో ఉంది. అడుగున యాభై మిల్లీలీటర్లు ఉండవచ్చు. మూత చుట్టూ ఉప్పు పేరినట్టు తెల్లని పొక్కు కట్టింది. దాన్ని ఎవరూ కదపకుండా, తుడవకుండా, గదికి తాళం వేసి ప్రిన్సిపాలు గారికి తెలిపాము. పేలుడు పదార్థాల నిపుణులు వచ్చి తీసుకుపోయేదాకా ఆ వరండాలో తరగతులు జరగలేదు. ఆ సీసా మీద కంపెనీ ముద్రించిన గడువు తేదీ చక్కగా కనబడుతూనే ఉంది. ఆ తేదీ సీలు విప్పని సీసాకు వర్తిస్తుంది. విప్పిన రోజును కంపెనీ రాయలేదు, విప్పిన మనిషే రాయాలి.

ఆ తర్వాత రిజిస్టరు పద్ధతి మార్చాము. ఒక రసాయనానికి ఒక వరుస కాక, ఒక్కొక్క సీసాకు ఒక వరుస, ఒక సంఖ్య. వచ్చిన తేదీ, తెరిచిన తేదీ, పరీక్ష తేదీలు, తొలగించిన తేదీ, తెరిచినవారి సంతకం. ఈథర్‌కు మేము పెట్టుకున్న నియమం ఇది: తెరిచాక మూడు నెలలకు పరీక్ష, ఆరు నెలలకు తొలగింపు, తెరవకపోయినా వచ్చిన ఏడాదికి, లేదా కంపెనీ గడువు అంతకంటె ముందు ఉంటే ఆ గడువుకు, తొలగింపు. సీసా మీది చీటీని పెన్సిలుతో రాశాము. ఇది చాదస్తంగా తోచవచ్చు గాని, ద్రావకం చుక్క పడితే మార్కరు సిరా కరిగిపోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది. పైన పారదర్శకమైన టేపు అంటించి, పోసేటప్పుడు చీటీ అరచేతి వైపు ఉండేలా పట్టుకోవడం పిల్లలకు నేర్పాము; అప్పుడు కారే చుక్క రెండో వైపు కారుతుంది.

మేము కలిపే ద్రావణాలకు కూడా ఇదే చీటీ. వాటిలో టోలెన్స్ కారకం అనే అమ్మోనియా కలిపిన వెండి ద్రావణానికి మాత్రం గడువు ఆ పూటే, ఎందుకంటే నిలవ ఉంచితే అందులో పేలే స్వభావం గల వెండి సమ్మేళనం ఏర్పడుతుంది.

ఇక సీసాలు పేరుకోవడానికి అసలు చోటు స్టోరు కాదు, మార్చి నెల బిల్లు. మిగిలిన గ్రాంటు వెనక్కి పోతుందని అప్పట్లో అరలీటరు సీసాలు అవసరానికి మించి తెప్పించేవారు. కొత్త రిజిస్టరులో తెరిచిన తేదీలు రెండేళ్లపాటు చూసుకున్నాక, మా విద్యార్థులకు ఏడాది మొత్తానికి రెండు వందల మిల్లీలీటర్ల ఈథర్ కూడా పట్టడం లేదని తెలిసింది. ఆ ఏడాది మార్చి ఆర్డరులో ఈథర్ రాయలేదు. జూలైలో ప్రయోగాలు మొదలయ్యే వారం ముందు వంద మిల్లీలీటర్ల సీసా ఒకటి తెప్పించాము. పూజా సెలవులకు ముందు రెండవది.