డ్రిల్లు కొనబోయి గోడ దగ్గర ఆగిపోయాం (41వ భాగం)

కిరణ్: నమస్కారం. పోయిన భాగంలో చెప్పినట్టుగానే ఈసారి ఇంటికి డ్రిల్లు. కరెంటు తీగ ఉన్నది కొనాలా, బ్యాటరీది కొనాలా, ఏ కంపెనీ, వారంటీ కాగితంలో ఏమి రాస్తారు. మూడే మూడు విషయాలు. అరగంటలో ముగిస్తాం.

సునీత: నీ బొటనవేలికి ఆ కట్టు ఏమిటి?

కిరణ్: అది మన అంశం కాదు అక్కా.

సునీత: నిచ్చెనా?

కిరణ్: నిచ్చెన సంగతి మళ్ళీ ఎత్తనని అన్నావు కదా. కొత్త ఫ్లాటులో కర్టెన్ రాడ్లు బిగిద్దామని కూర్చున్నాను. రెండు కిటికీలు, ఒక్కోదానికి రెండు బ్రాకెట్లు, బ్రాకెట్టుకు రెండు రంధ్రాలు. మొత్తం ఎనిమిది.

సునీత: ఎన్ని వేశావు?

కిరణ్: ఒకటి. అదీ సగం. పన్నెండు వోల్టుల బ్యాటరీ డ్రిల్లు, మీద సుత్తి బొమ్మ కూడా ఉంది. పావుగంట నొక్కి పట్టుకున్నాను. సెంటీమీటరు దిగింది. ఇక దిగలేదు. బిట్టు ఎందుకు ఆగిందో చూద్దామని వేలితో ముట్టుకున్నాను.

సునీత: (నవ్వు) పావుగంట తిరిగిన బిట్టును!

కిరణ్: నవ్వు, పరవాలేదు. వినేవాళ్ళు కూడా నవ్వుతారు.

సునీత: మీది మివాన్ ఫ్లాటు కదా?

కిరణ్: అవును. అయితే?

సునీత: అయితే ఏమిటా? నీ ఇంట్లో ఇటుక లేదురా. అల్యూమినియం పలకలు నిలబెట్టి, మధ్యలో ఇనుము కట్టి, గోడలూ శ్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. పడకగది గోడ కూడా పిల్లరుకు చెల్లెలే. మన అమ్మావాళ్ళ ఇంట్లో ఎర్ర ఇటుకలో వేసినట్టు వేస్తే ఎలా దిగుతుంది?

కిరణ్: కొట్టువాడు మాత్రం ఇది గోడకు కూడా పనికి వస్తుందన్నాడు.

సునీత: అబద్ధం చెప్పలేదు. ఏ గోడ అని నువ్వు అడగలేదు, అతనూ చెప్పలేదు. డ్రిల్లు కొనేముందు అడగాల్సింది కొట్టువాణ్ణి కాదు, గోడను.

కిరణ్: ఇదిగో, మొదలైంది. ఎలా అడగాలి? తట్టి చూడాలా?

సునీత: తట్టితే సరిగ్గా తెలియదు. పైన సిమెంటు పూత ఉంటే చాలా గోడలు దాదాపు ఒకేలా పలుకుతాయి. ఎక్కడో తలుపు వెనకాల ఒక సన్నని రంధ్రం వేసి, రాలే పొడిని చూడు. మొదటి అర అంగుళం బూడిద రంగులో వస్తుంది, అది పూత. దాన్ని లెక్క పెట్టకు. ఆ తరువాత ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగానో లేత బూడిద రంగులోనో, పిండిలా వచ్చి, బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగితే తేలిక దిమ్మె, ఏఏసీ అంటారు చూడు, అది. పూత దాటినా బూడిద రంగే వస్తూ, బిట్టు కదలక మొరాయిస్తే కాంక్రీటు.

కిరణ్: నాది మొరాయించింది.

సునీత: వేలు చెబుతూనే ఉంది.

కిరణ్: సరే, కానీ సుత్తి బొమ్మ ఉంది కదా? హ్యామర్ అంటే హ్యామరే కదా? పద్దెనిమిది వోల్టులది కొని ఉంటే ఈ గొడవే ఉండేది కాదని నా వాదన.

సునీత: కాదు. వోల్టులతో పోయేది కాదు అది. మామూలు డ్రిల్లులో సుత్తి బొమ్మ దగ్గర పెడితే లోపల ఏమవుతుందో తెలుసా? పళ్ళున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతాయి. గతుకుల రోడ్డు మీద ఆటో వెళ్ళినట్టు. నిమిషానికి వేలాది కుదుపులు, కానీ ఒక్కొక్కటీ చీమంత. పైగా ఆ చక్రాలు ఒరుసుకోవాలంటే నువ్వు వెనక నుంచి నెట్టాలి. దెబ్బ బలం నీ భుజంలో నుంచి రావాలి. ఇటుకకు అది చాలు. కాంక్రీటులో ఉన్నది నల్లరాతి కంకర. దానికి చాలదు.

కిరణ్: మరి?

సునీత: రోటరీ హ్యామర్ అని వేరే యంత్రం ఉంది. అందులో పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడి గాలిని నొక్కుతుంది. ఆ గాలి లోపలి ఇనుప దిమ్మెను విసిరి బిట్టు వెనక కొడుతుంది. నువ్వు నెట్టనక్కర లేదు, పట్టుకుంటే చాలు. దాని పెట్టె మీద జౌల్సు అని ఒక అంకె రాస్తారు. చిన్నవాటికి రెండు దరిదాపు. రెండు జౌల్సు అంటే కిలో రాయిని జానెడు ఎత్తు నుంచి వదిలిన దెబ్బ. అలాంటివి నిమిషానికి నాలుగు వేల పైచిలుకు.

కిరణ్: జానెడు ఎత్తు నుంచి కిలో రాయి... నిమిషానికి నాలుగు వేలు. అది నా బొటనవేలు మీద పడనందుకు సంతోషం.

సునీత: దాని బిట్టు కూడా వేరు. వెనక కాడకు గాళ్ళు ఉంటాయి, నొక్కితే టక్కున కూర్చుంటుంది. ఎస్‌డీఎస్ అంటారు. నీ డ్రిల్లులో పట్టదు. ఆరు మిల్లీమీటర్ల రంధ్రం నిమిషం లోపే పడుతుంది. అన్నట్టు, రాడ్డుతో పాటు పొట్లంలో, స్క్రూ పట్టడానికి రంధ్రంలో దూర్చే ప్లగ్గులు ఇచ్చారా?

కిరణ్: ఇచ్చారు. తెల్లవి.

సునీత: పారెయ్యి.

కిరణ్: అక్కా, పారెయ్యమని నువ్వు చెప్పడం ఇది ఎన్నో భాగమో శ్రోతలు లెక్క పెడుతున్నారు.

సునీత: పెట్టనీ. ఆ పొట్లాల్లో వచ్చేవి గట్టి ప్లాస్టిక్కు, స్క్రూ తిప్పితే విచ్చుకోవు, గుండ్రంగా తిరుగుతాయి. కర్టెన్ బరువు రోజూ లాగుతుంది. మంచి నైలాన్ ప్లగ్గులు డజను కొనుక్కో, మహా అయితే ఒక టిఫిను ఖర్చు.

కిరణ్: సరే. మధ్యలో ఇనుప చువ్వ తగిలితే?

సునీత: కీచుమని శబ్దం మారుతుంది, బిట్టు ఉన్నచోటే తిరుగుతుంది, రంధ్రంలోకి లైటు వేస్తే మెరుస్తుంది. అక్కడ మొండికెయ్యకు. ఆ బిట్టు కొన రాతికి చేసింది, ఇనుముకు కాదు, మొద్దుబారిపోతుంది. పైగా అది ఇంటిని మోసే చువ్వ. రెండు వేళ్ళ దూరం జరుగు. స్విచ్చు బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా మాత్రం అసలు వెయ్యకు, వైరు పోయే దారి అది.

కిరణ్: మీ ఏఏసీ వాళ్ళకు ఈ బాధ లేదు కదా?

సునీత: వాళ్ళకు తలకిందుల బాధ. సుత్తి బొమ్మ మీద పెట్టి వేస్తే రంధ్రం వెడల్పై ప్లగ్గు ఊడి చేతికి వస్తుంది. అక్కడ సుత్తి ఆపేసి ఉత్తగా తిప్పాలి. ప్లగ్గు కూడా ఆ దిమ్మెలకు వేరుగా...

కిరణ్: ప్లగ్గు!

సునీత: ఊరుకున్నాను.

కిరణ్: ఇరవై నిమిషాలు అయిపోయింది, మనం చెబుతామన్నది ఇంకా మొదలే పెట్టలేదు. తీగదా, బ్యాటరీదా? గబగబా.

సునీత: ఏడాదికి రెండు మూడు సార్లు వాడేవాళ్ళు తీగది కొనుక్కోండి. అయిదారు వందల వాట్లు, వేగం తగ్గించే మీట, వెనక్కి తిప్పే మీట ఉంటే చాలు. అటక మీద పదేళ్ళు పడి ఉన్నా తీసి ప్లగ్గులో... గోడ ప్లగ్గులో పెడితే తిరుగుతుంది. బ్యాటరీ అలా కాదు. ఖాళీ చేసి ఏడాది మూల పడేస్తే మళ్ళీ లేవకపోవచ్చు. సగం ఛార్జి ఉంచి, ఎండ తగలనిచోట పెట్టాలి.

కిరణ్: బ్యాటరీ పక్షాన నేను మాట్లాడాలి. మంచం బిగించడానికి, అలమార కీళ్ళకు దానిని మించింది లేదు. మెడ దగ్గర అంకెల పట్టీ ఉంటుంది. చిన్న అంకె పెడితే స్క్రూ బిగియగానే టకటకమని జారిపోతుంది, చెక్క పగలదు. మామూలు తీగ డ్రిల్లుకు ఆ బుద్ధి ఉండదు.

సునీత: అది నిజం. చెక్క పని ఎక్కువైతే బ్యాటరీదే. కానీ లెక్క చూడు. పద్దెనిమిది వోల్టులు, రెండు ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మొత్తం 36 వాట్ అవర్లు. అయిదు వందల వాట్ల మోటారు అంత కరెంటును నాలుగు నిమిషాల్లో తాగేస్తుంది. గోడ పనికి బ్యాటరీ ఎందుకు ఆయాసపడుతుందో అక్కడే ఉంది.

కిరణ్: నేను చూసిన ఇంకోదాని మీద ఇరవై వోల్టులు అని ఉంది. అది పద్దెనిమిది కంటే మెరుగేనా?

సునీత: రెండూ ఒకటే. లోపల అయిదు సెల్లులు. నిండుగా ఛార్జి చేసినప్పుడు కొలిస్తే ఇరవై, పనిలో ఉన్నప్పటి సగటు చెబితే పద్దెనిమిది. నీ పన్నెండు కూడా నిజానికి 10.8.

కిరణ్: దానిని కూడా అవమానించావు. కంపెనీల సంగతి?

సునీత: బాష్, మకీటా, డీవాల్ట్, స్టాన్లీ, ఏదైనా ఇంటికి ఎక్కువే. డీవాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ మూడూ ఒకే ఇంటి పిల్లలు. నేను ఒకటే అడుగుతాను. మన ఊళ్ళో సర్వీసు సెంటరు ఉందా, అక్కడ మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు దొరుకుతాయా? తీగ డ్రిల్లులో ముందు అరిగేవి అవే. లోపల నిప్పురవ్వలు ఎక్కువై, ఆగి ఆగి తిరిగితే బ్రష్షులు అయిపోయాయని అర్థం. చిన్న ఖర్చు. బ్యాటరీదైతే మాత్రం మొదటి డ్రిల్లుతోనే పెళ్ళి అయిపోయినట్టు. ఒకరి బ్యాటరీ ఇంకొకరి యంత్రంలో మామూలుగా పట్టదు.

కిరణ్: వారంటీ.

సునీత: నీ గొంతు ఎందుకు తగ్గింది?

కిరణ్: ...పావుగంట నొక్కానన్నాను కదా. చివర్లో పొగ వచ్చింది.

సునీత: అయ్యో.

కిరణ్: కొని రెండు నెలలే. సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాను, ఏ కంపెనీదో చెప్పనులే. ఆరు నెలలు మామూలు వారంటీ, నెలలోపు వెబ్‌సైటులో నమోదు చేస్తే ఏడాది అని రాసి ఉంది. నమోదు చెయ్యలేదు. అయినా రెండు నెలలే కదా అనుకున్నాను. అతను విప్పి చూపించాడు. మోటారు చుట్లు అన్నీ ఒకే తీరుగా నల్లబడ్డాయి.

సునీత: ఒక్క చుట్టే కాలితే తయారీలో లోపమని అడగవచ్చు. అన్నీ సమానంగా మాడితే యంత్రం మోయలేని పని చేయించావని వాళ్ళు అంటారు. అది వారంటీ కిందికి రాదు.

కిరణ్: అదే అన్నాడు. మర్యాదగానే అన్నాడు. బిట్టును పట్టుకునే చక్, తీగ, బ్రష్షులు, బిట్లు కూడా రావని కాగితం చూపించాడు. బ్యాటరీకి గడువు వేరే ఉంది. బిల్లు మీద యంత్రం సంఖ్య రాయించుకోలేదని కూడా అప్పుడే తెలిసింది. లక్ష్మికి ఇంకా చెప్పలేదు. కర్టెన్లు తొందరగా కావాలని ఆ డ్రిల్లు కొనిపెట్టింది తనే.

సునీత: (కొంచెం ఆగి) ఈ భాగం తను వింటుంది కదరా.

కిరణ్: వింటుంది. చెప్పడానికి ఇదే సులువనిపించింది.

సునీత: పోనీలే. రోటరీ హ్యామర్ కొననక్కర లేదు. ఒక రోజు అద్దెకు తెచ్చుకో. మిగిలిన ఏడూ, ఆ సగమూ కలిపి గంట పని. కళ్ళద్దాలు పెట్టుకో. ప్లగ్గులు మాత్రం...

(పై అంతస్తు నుంచి డ్రిల్లు శబ్దం)

కిరణ్: అయ్యయ్యో, రికార్డింగు పాడవుతుంది. వాచ్‌మన్‌కు ఫోను చేస్తాను.

సునీత: ఆగు, ఆగు. విను. గీపెట్టడం లేదు, డబడబమని కొడుతోంది. ఇదిగో, అప్పుడే ఆగింది కూడా. అది హ్యామర్. గోడ తెలిసినవాడు పైన ఉన్నాడు.

కిరణ్: 502 వాళ్ళు! నిన్ననే దిగారు.

సునీత: వాళ్ళు యంత్రం సర్దేసేలోపు వెళ్ళు.

కిరణ్: నువ్వు మాట్లాడుతూ ఉండు, రెండు నిమిషాల్లో వస్తాను.

సునీత: ఒరేయ్, వాళ్ళ దగ్గర ఆరు మిల్లీమీటర్ల బిట్టు ఉందేమో అడుగు! చెప్పులు... వెళ్ళిపోయాడు.